శనివారం నాలుగో మనిషి

పెళ్ళితో లియోనాకు భర్త గార్నెట్ ఒక్కడే రాలేదు. అతనితో పాటు డార్సీ, డార్సీ భార్య కొలీన్, కెల్విన్ కూడా వచ్చారు. మగవాళ్ళు ముగ్గురూ కెనడాలో, మానిటోబాలోని ఆ చిన్న ఊళ్ళో ఒకే బడిలో చదువుకున్నారు. శుక్రవారం కెల్విన్ ఇంట్లో పేకాట. శనివారం క్లబ్బులో, మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆట, ఆపైన డార్సీ ఇంట్లో భోజనం. ఆదివారం, శనివారం ఏం జరిగిందో ఫోన్లో చర్చ.

ఎవరూ ఆమెను చిన్నచూపు చూడలేదు. చూసి ఉంటే గొడవపడటానికి ఒక కారణమైనా దొరికేది. "రా లియోనా, ఇలా కూర్చో" అని ఆప్యాయంగా పిలుస్తారు. కూర్చున్నాక ఎవరో ఒకరు "కోళ్ళ లారీ" అంటారు. అంతే, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. లియోనా కొంచెం ఆలస్యంగా నవ్వుతుంది. ప్రతి వారం ఒక ఫొటో ఉంటుంది. తీసేది ఆమే. "నీ చెయ్యి వణకదు తల్లీ" అని డార్సీ మెచ్చుకుంటాడు. అందుకే ఒక్క ఫొటోలోనూ ఆమె లేదు.

"వాళ్ళకు నువ్వంటే ఎంతో ఇష్టం" అన్నాడు గార్నెట్.

"ఇష్టం లేదని నేనన్నానా? వాళ్ళ మాటలు నాకు అర్థం కావట్లేదంటున్నాను."

"అడగొచ్చుగా."

"అడిగాను. 'అబ్బా, అప్పుడు నువ్వుండాల్సింది' అన్నారు."

చివరికి ఒప్పందం కుదిరింది. ఇక శనివారాల్లో ఒకటి వాళ్ళకి, ఒకటి తమ ఇద్దరికి. ఆ సంగతి డార్సీకి గార్నెటే చెప్పాలి, "లియోనాకు రావాలని లేదు" అని కాకుండా తన మాటగా చెప్పాలి. గార్నెట్ సరేనన్నాడు. మొదటి వారం డార్సీ పుట్టినరోజు, చెప్పలేదు. తర్వాతి వారం డార్సీ ఓడి దిగులుగా ఉన్నాడు. ఆపై వారం గెలిచి మహా సంబరంగా ఉన్నాడు.

ఈ శనివారం కెల్విన్‌కు నడుం పట్టేసింది. నలుగురు ఆడాల్సిన జట్టుకు నాలుగో మనిషి లేడు.

"నువ్వే ఆడాలి" అన్నాడు గార్నెట్. "ఇవాళ చెప్పేస్తాను, ఒట్టు."

ఆమె పని తేలికైనదే. ప్రతి వంతులో మొదటి రెండు రాళ్ళు జార్చాలి, మిగతా రాళ్ళు ఇంకా దూరం జారేలా వాటి ముందు మంచును బ్రష్‌తో గీకాలి. లియోనా బాగానే గీకింది. ఆఖరి వంతులో డార్సీ చివరి రాయి వదిలాడు. అది మంచు మీద గీసిన వలయం మధ్యలో ఆగితే గెలుపు తమదే. అటు చివర నిలబడ్డ కొలీన్ "గీకండి, గీకండి" అని గొంతు చించుకుంటోంది. గార్నెట్, లియోనా రాయికి రెండు పక్కలా వంగి పరుగెత్తారు. సగం దారిలో లియోనా బ్రష్ రాయి అంచును ముట్టుకుంది. చిరుగాలి తగిలినంత. ఎవరూ చూడలేదు. రాయి చక్కగా పోతోంది.

ఈ ఆటలో తప్పు పట్టేవాడు ఉండడు. ముట్టుకున్నవాళ్ళే చెప్పాలి, చెబితే ఆ రాయి లెక్కలోకి రాదు.

లియోనా నిటారుగా నిలబడింది. "తగిలింది. నా బ్రషే."

గార్నెట్ కాలు అడ్డంపెట్టి రాయిని ఆపాడు. ఆట పోయింది. డార్సీ ముఖం చూడలేక ఆమె బ్రష్ వైపు చూసింది. అతను దగ్గరికి వచ్చి, ఎదుటి జట్టు కెప్టెన్‌తో కరచాలనం చేసి, "మా కొత్త మనిషికి నిజాయితీ జబ్బుంది. మందు మీరే ఇప్పించాలి" అన్నాడు.

ఇప్పించారు. మొదటి బీరు ఓడినవాళ్ళకి గెలిచినవాళ్ళే కొనాలి మరి.

బల్ల దగ్గర డార్సీ "కోళ్ళ లారీ రోజున కూడా ఇలాగే" అంటూ నవ్వడం మొదలెట్టాడు. కొలీన్ కూడా నవ్వింది. లియోనా ఆమె వైపు వంగి, "అసలు ఆ లారీలో ఏమైంది?" అని గుసగుసగా అడిగింది.

"నాకేం తెలుసు?" అంది కొలీన్. "నేనూ బయటి ఊరిదాన్నే, బ్రాండన్ నుంచి వచ్చాను. పదేళ్ళుగా నవ్వుతున్నాను. నవ్వితే త్వరగా అయిపోతుంది."

లియోనా ఈసారి అందరికంటే ముందు నవ్వింది. ఆ నవ్వు ఆగాక గార్నెట్ వైపు తిరిగి, "నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఇక నీ వంతు" అంది నెమ్మదిగా.

గార్నెట్ గ్లాసు కింద పెట్టాడు. "డార్సీ, వచ్చే శనివారం మేం రావడం లేదు. ఇకమీదట ఒక వారం వస్తాం, ఒక వారం రాం. నెల కిందటే చెప్పాల్సింది. భయపడ్డాను."

"నేనంటేనా?"

"నీ ముఖమంటే. ఇదిగో, ఇలా పెడతావని."

డార్సీ ఆ ముఖం మార్చకుండానే అడిగాడు. "మరి మాకు నాలుగో మనిషి?"

"మూడో మనిషిని కూడా వెతుక్కో" అంది కొలీన్. "మీరు రాని వారం నాకూ సెలవే."

"అంతా కలిసి కుట్ర పన్నారన్నమాట" అన్నాడు డార్సీ. తర్వాత నిజంగానే తెలుసుకోవాలని గార్నెట్‌ను అడిగాడు. "అయితే ఆ శనివారం ఏం చేస్తార్రా?"

గార్నెట్ లియోనా వైపు చూశాడు. అది అతను ఇంతవరకూ ఆలోచించనే లేదు.

"చూడాలి" అంది లియోనా.