మొదటి రెండు వరుసలు

లిఫ్టు మెకానిక్ పరీక్ష ఆమె మూడోసారికి గట్టెక్కింది. మొదటిసారి తలుపు తాళం దగ్గర, రెండోసారి బ్రేకు సర్దుబాటు దగ్గర బోల్తాపడిన పిల్ల, మూడోసారికి శిక్షణకేంద్రం మొత్తానికి రెండో స్థానంలో నిలిచింది. ఏడో తరగతిలో పరుగుపందెం, ఎనిమిదిలో చేతిరాత బహుమతి సరేసరి. ఇవన్నీ ఆమె పెదనాన్నకు తారీఖులతో సహా కంఠోపాఠం. అడిగినవాళ్లకు చెప్తాడు, అడగనివాళ్లకు ఇంకా వివరంగా చెప్తాడు.

ఉద్యోగం కొత్త నగరంలో వచ్చింది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునే గదిలో, ఆదివారం సాయంత్రం, ఆమె ఫోనులో నలుగురికీ కనబడేలా పెట్టడానికి ఒక ఫొటో ఎంచుకుంది. కిటికీ కింద సూట్‌కేసు, దానిమీద పనిముట్ల సంచి. ఫొటో బాగానే కుదిరింది, దానికింద క్యాప్షనే కుదరలేదు. "కొత్త ప్రయాణం" అని రాస్తే బస్సు కంపెనీ ప్రకటనలా ఉంది. ఐదుసార్లు చెరిపి, చివరికి ఉన్నదున్నట్టు రాసింది.

"రేపు ఏడున్నరకు మొదటి డ్యూటీ. చేతులకు ఇప్పుడే చెమటలు. ఈ ఊళ్లో ఒక్కరూ తెలియదు. మధ్యాహ్నం పక్కన కూర్చుని తినే మనిషి ఒక్కరు దొరికితే చాలు."

పనిచేయబోయే సంస్థ పేజీని ట్యాగ్ చేసింది, అక్కడివాళ్లెవరైనా చూస్తారని ఆశ. పోస్టు చేసేముందు పెదనాన్నకు ఫోను చేసి చదివి వినిపించింది. బుద్ధి గడ్డితిని.

"ఏంటమ్మా ఇది? ఉద్యోగానికి వెళ్లావా, తప్పిపోయావా? చెమటలంట, చెమటలు! నీ బహుమతులన్నీ పైన పెట్టు. చెప్తా, రాసుకో."

"పరుగుపందెం కూడానా పెదనాన్నా?"

"లిఫ్టు ఆగితే మెట్లెక్కాల్సింది నువ్వేగా! పెట్టు."

పన్నెండు వరుసల ఘనత పైకెక్కింది, ఆమె మాటలు అడుగున పడ్డాయి. ఫొటో కింద మొదటి రెండు వరుసలే కనబడతాయనీ, "మరిన్ని" నొక్కితేగాని మిగతాది తెరుచుకోదనీ ఆయనకు తెలియదు. ఆమెకు తెలుసు. కానీ పెదనాన్నకు అడ్డుచెప్పడం శిక్షణకేంద్రంలో నేర్పలేదు.

గంటలో పదకొండు లైకులు, పదకొండూ చుట్టాలవే. పిన్ని మాత్రం "ఏ పందెం?" అని అడిగింది. కొత్త ఊరు నోరు మెదపలేదు.

ఆమె మూడు చుక్కలు నొక్కి, "సవరించు" తెరిచి, తన నాలుగు మాటలు పైకి తెచ్చి, బహుమతులన్నిటినీ కిందికి దించింది. కాసేపటికి సంస్థ పేజీ చూస్తున్న ఒకావిడ కామెంటు పెట్టింది.

"నేనూ అక్కడే, రెండో జట్టు. పోయిన నెల నావీ ఇవే చెమటలు. ఏడుంబావుకి గేటు దగ్గరుంటా, పసుపు హెల్మెట్. నా డబ్బా పక్కన నీ డబ్బాకి చోటుంది."

వెంటనే ఫోను మోగింది.

"నా వరుసలేవే?"

"కిందున్నాయి పెదనాన్నా. లిఫ్టు మోటారు కనబడుతుందా? అది లేకపోతే లిఫ్టు కదులుతుందా?"

"ఆఁ, అలా చెప్పు!"

మర్నాటినుంచి ఆయన చిట్టాలో కొత్త ఘనత చేరింది. డ్యూటీకి ముందే స్నేహం సంపాదించిన ఏకైక మెకానిక్. మూడు నెలల ప్రొబేషన్ గడువు దాటాక తొలి సెలవు. ఆ పసుపు హెల్మెట్ ఆవిడనూ వెంటబెట్టుకుని ఇంటికి ఆమె వచ్చేది ఆగస్టు పదిహేడు, ఆ తారీఖూ ఆయనకు అప్పుడే కంఠోపాఠం.