డ్యూటీకా, తమ్మీ?

నాకు నిలకడ లేదు. మహబూబాబాద్‌లో మా ఇంటి నుంచి స్టేషన్‌కు పది నిమిషాల నడకే అయినా, డోర్నకల్ వెళ్లే రైలు దాటిపోతుందేమోనని రోజూ పరుగే. ఆ పరుగులో ఎదురింటి అక్క వాకిలి ఊడుస్తూ తలెత్తేది.

"డ్యూటీకా, తమ్మీ?"

భుజాన సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. డ్యూటీకి కాక పెళ్లికి పోతానా! కొత్తలో ఆమె నిజంగానే అడుగుతోందనుకుని, రైలు లేటనీ, ఆఫీసులో తనిఖీ ఉందనీ చెప్పబోయాను. రెండో మాటకే ఆమె చూపు చీపురు మీదికి పోయింది. ఆమెకు కావలసింది నా సంగతులు కాదు, నా గొంతు. "ఆ, డ్యూటీకే అక్కా" అనాలి. కాళ్లు ఆపకూడదు, 'అక్కా'ని కాస్త సాగదీయాలి. అంతే. ఆరేళ్లు అదే మాట. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని మా వైపు పట్టింపు. అందుకే ఆమె జవాబును కూడా ప్రశ్నలోనే పెట్టి ఇచ్చేది.

మొన్న ఎండాకాలం మా ఆవిడకు ఆపరేషన్ అయింది. ఒక మధ్యాహ్నం దవాఖాన నుంచి వెంటనే రమ్మని ఫోన్ వస్తే, చెప్పుల్లో కాళ్లు దూర్చి ఉరికాను. సంచి లేదు, డబ్బా లేదు. వాకిట్లో ఉన్న అక్కకు ఏమని పలకరించాలో తోచలేదేమో, నోరు జారింది.

"ఏడికి, తమ్మీ?"

"పోయేటోన్ని ఏడికని అడుగుతరా? నీకెందుకు?" అని అరిచేశాను.

మా ఆవిడ క్షేమంగా ఇంటికొచ్చింది. అక్క మాత్రం నా తలుపు చప్పుడు వినగానే చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్లడం మొదలుపెట్టింది. మా ఆవిడతో బాగానే మాట్లాడేది, అదింకా మంట. గేటు వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేవాణ్ని. రైల్లో కూర్చున్నా ఇంట్లో ఏదో మరిచిపోయినట్టే ఉండేది. ఛీ, ఆ ఒక్క ప్రశ్న లేకపోతే పొద్దు మొదలైనట్టే లేదు!

చివరికి వాళ్ల గుమ్మం ముందుకెళ్లాను.

"తప్పు నాదే అక్కా. ఆ దినం పరేషాన్ల ఉండి అన్న."

"అయ్యో, గదేం లేదు తమ్మీ," అంది మర్యాదగా. మరునాడు మళ్లీ లోపలికే. క్షమాపణకు ఒక జవాబుంటుంది, అది చెప్పేసింది, పని అయిపోయింది. రేపు మళ్లీ పలకరించడానికి అందులో ఏమీ మిగల్లేదు.

ఆదివారం పొద్దున లుంగీలో, నోట్లో బ్రష్‌తో బయటికొచ్చాను. అక్క వాళ్ల నల్లా కింద బిందె నిండి పొర్లుతోంది. పక్కనే ఉన్న అక్క బిందె వదిలేసి లోపలికి పోలేదు కదా! బ్రష్ తీసి అడిగేశాను.

"నల్లా వచ్చిందా, అక్కా?"

ఆమె పొర్లే నీళ్లను చూసింది, నన్ను చూసింది.

"ఆ, వచ్చింది."

బిందె చంకనెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. నా లుంగీని, మూతికంటిన నురగను చూసింది.

"డ్యూటీకా, తమ్మీ?"

"ఆ, డ్యూటీకే అక్కా," అన్నాను. నోటినిండా నురగ, 'అక్కా'ని సాగదీయలేకపోయాను.