జబ్బార్ దాదా తుడిచేసిన చుక్కలు

కాగజ్‌నగర్ మీద చుక్కలు పొడవాలంటే ముందు మా తాత జబ్బార్ దాదా దగ్గర పర్మిషన్ తీసుకోవాలి. ఎక్కడ ఎన్ని, ఎంత లావున, ఏ రంగులో అన్నీ ఆయనే చెప్తాడు, ఆకాశం వింటుంది.

ఈ మాట నేను నర్మద టీచర్‌తో అన్నాను. ఆమె నవ్వి, నమ్మి, పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. లెక్కల్లో రెండుసార్లు తప్పి ఇంటర్ మానేసిన నాకు, నోరు మాత్రం ఎప్పుడూ ఫస్ట్ క్లాసులోనే పాసవుతుంది. ఇరికింది మాత్రం దాదా.

దాదాది మార్కెట్ సందులో సొరంగం లాంటి ఫొటో స్టూడియో. ముందు బెంచీ, మధ్యలో పరదా, పరదా వెనక కంప్యూటర్, ప్రింటు మిషన్. కిటికీ లేదు, రెండో తలుపు లేదు. ఒకప్పుడు అది ఫిల్ములు కడిగే చీకటి గది. వెలుతురు రాకుండా కిటికీని ఇటుకలతో మూయించింది దాదాయే. ఫిల్ముల కాలం పోయింది, ఇటుకలు పోలేదు.

ఆ గదిలో దాదా నలభై ఏళ్లు చేసిన పని చుక్కలు తీయడం. నెగటివ్ మీద దుమ్ము పడితే ఫొటోలో తెల్ల చుక్క వస్తుంది. పెళ్లికొడుకు కోటు మీద, పెళ్లికూతురు జడ మీద, ఎక్కడ తెల్ల చుక్క కనబడినా సన్నటి బ్రష్షుతో రంగు అద్ది మాయం చేసేవాడు. కంప్యూటర్ వచ్చాక అదే పని మౌస్‌తో. మా పెళ్లిళ్లలో దాదా బిర్యానీ తింటూ కూడా ఎదుటివాడి షేర్వాణీ మీద మెతుకు కనిపిస్తే చెయ్యి చాపుతాడు.

నర్మద టీచర్‌ది జైనూర్ దగ్గర ఊరు. వాళ్ల బాపు దేవదాస్ అడవి శాఖలో వాచర్‌గా చేసి, మొన్న మార్చిలో పోయాడు. నిరుడు దీపావళి అమావాస్య ముందు, రాత్రి ఏడున్నరకు, ఇంటి ముందు స్టూలు మీద కూర్చుని నైరుతి దిక్కు కొండ వైపు చూస్తున్న ఆయన్ని టీచర్ వెనక నుంచి ఫోన్లో తీసింది. మబ్బు లేని ఆకాశం. కానీ ఫోనుకు పట్టుబడ్డవి పాతిక ముప్పై చుక్కలే.

"ఆ రోజు పాలపుంత గూడ కనవడ్డది చాచా. బాపు చెయ్యి చాపి చూపిచ్చిండు. ఫొటోలనే రాలే. ఫోన్ వాగుల పడి పాడైంది, గీ పెన్‌డ్రైవ్‌ల ఉన్నది ఒక్కటే" అంది టీచర్. ఎల్లుండే ఊళ్లో బాపు పేరు మీద బడిపిల్లలకు భోజనాలు, అక్కడ ఫొటో పెట్టాలి. రేపు మధ్యాహ్నం వస్తానని, అయిదు గంటల బస్సుకు పోవాలని చెప్పి వెళ్లింది.

మర్నాడు పొద్దున నేను నెట్‌లో ఒక పాలపుంత వెతికి దించాను. ఊదా, గులాబీ, మధ్యలో నీలం. దాదా ముందు పెట్టాను.

"ఏందిది? బర్త్‌డే కేకా?"

"అందరు గిట్లనే పెడ్తరు దాదా."

"అందరు ఎన్నడన్న తల పైకెత్తి చూసిన్రా?"

ఆ రంగు సగానికి పైగా దించేశాడు. పాలు చల్లినట్టు మాసిన తెలుపు, నడుమ జర గోధుమ రంగు, అందులో నల్లటి చీలికలు మిగిలాయి. కొండనూ ముసలాయన్నీ చెట్టు కొమ్మల్నీ కప్పిపెట్టి, ఆకాశం మీదే ఆ పాలపుంతను పొరలా వేశాడు. పొరలోని నలుపు పోయి వెలుతురు మాత్రమే కలిసేలా చేశాడు. ఫొటో నైరుతి దిక్కుది కాబట్టి లావుపాటి భాగం కొండ మీదికి వాలి, పైకి పోయేకొద్దీ పలచబడాలన్నాడు. నేను చుక్కలు చల్లబోతే చేతిమీద కొట్టాడు.

"అంతా ఒక్కతీరు పెడ్తే చీర మీది చెమ్కీలయితయి. సన్నయి మస్తు, పెద్దయి నాలుగైదు. కొండ దగ్గర పొగమంచుంటది, ఆడ తక్కువ. తెల్లయి ఎక్కువ, ఒకటి రెండు ఎర్రగ."

అలాగే తానే చల్లి, చివరికి పొర బలం సగానికి తగ్గించి, ఫోన్ ఫొటోలో ఉన్న గరుకుతనమే దానికీ ఇచ్చాడు. పాలపుంత ఉందా లేదా అన్నట్టు ఉంది. అచ్చం ఉన్నట్టే ఉంది. అప్పుడు దాదా ఆ పొర కనబడకుండా ఆపి, కింద అసలు ఫొటో చూశాడు. ఆకాశం నున్నగా ఉంది. ఒక్క చుక్క లేదు.

"యుమ్నా, అసలుయి ఏవి?" అని నా వైపు తిరిగాడు.

ఏవంటే, నిన్న సాయంత్రం దాదా 'దుమ్ము' తీశాడు. పాతిక ముప్పై తెల్ల చుక్కలు, వరసగా, చెయ్యి అలవాటు ప్రకారం. పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా తెరిచి, దాని మీదే సేవ్ చేసి, కంప్యూటర్ ఆపేసి ఇంటికొచ్చి కమ్మగా నిద్రపోయాడు. అసలు ఫొటోను ముట్టకు, నకలు తీసుకుని పని చెయ్యి అని నన్ను రోజూ తిట్టేది ఈయనే.

బయట బెంచీ కిర్రుమంది. "చాచా, అయిందా?" టీచర్ వచ్చేసింది.

దాదా ముఖం మీద చెమట. నేను పరదా సందులోంచి చూశాను. ఆమె, ఉన్న ఒక్క తలుపుకూ అడ్డంగా కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మా వైపే చూస్తోంది.

"జర టైం పడ్తది బిడ్డా" అన్నాడు దాదా.

"పర్వాలే చాచా, ఈడనే కూసుంట. బాపు తల మీద మూడు చుక్కలు వరసగ ఉన్నయి సూడున్రి, అవి మంచిగ కనవడాలె. ఆయనకు అవంటే పానం."

ఆ మూడు ఎక్కడున్నాయో దాదాకు గుర్తు లేదు. నాకూ లేదు. దాదా మూడు పెట్టాడు, తీశాడు. పక్కకు పెట్టాడు, తీశాడు. ఫ్యాన్ వేడి గాలిని అటూ ఇటూ తిప్పుతోంది. రెండయింది. రెండున్నర. ఆమె దగ్గినప్పుడల్లా దాదా మౌస్ వదిలేస్తున్నాడు. ఒకసారి లేచి, ఇటుకలతో మూసిన కిటికీ దగ్గరికి పోయి గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. అక్కడ ఏం చూస్తాడు, సున్నం తప్ప?

"దాదా, ఎక్కడన్న పెట్టు. ఎట్లన్న చుక్కలే గదా" అని గొణిగాను.

"నోర్ముయ్" అన్నాడు. మళ్లీ మూడు పెట్టాడు. ఈసారి బాగా కుదిరాయి. ఎవరు చూసినా నమ్ముతారు. ప్రింటు బటన్ మీదికి బాణం గుర్తు తెచ్చి, చాలాసేపు ఆపి ఉంచాడు.

తర్వాత లేచి పరదా తీశాడు.

"బిడ్డా, మీ బాపు చుక్కలు నేను తుడిచేసిన. దుమ్మనుకున్న. అసలు ఫొటోల గూడ లేవు ఇగ."

టీచర్ అరిస్తే బాగుండేది. సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. సందులో ఆటో ఒకటి హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

"నలభై ఏండ్లసంది గిదే పని గద చాచా, గట్లెట్ల చేసిన్రు?"

"నలభై ఏండ్లు చేసినందుకే బిడ్డా."

ఆమె లోపలికొచ్చి దాదా కుర్చీ వెనక నిలబడింది. స్క్రీన్ మీద పాలపుంత చూసి కళ్లు తుడుచుకుంది గానీ, బాగుందని మాత్రం అనలేదు. వేలు చాపింది. "ఈడ. ఇంక మీదికి. ఊహు, అంత పెద్దగ లేదు." నడిమిది తెల్లగా, పెద్దగా. కిందిది సన్నగా. "పైది జర ఎర్రగుండె." దాదా ఒక్కొక్కటే పెట్టాడు, ఆమె తల ఊపేదాకా మౌస్ కదపలేదు. మూడు కుదిరాయి. మిగతావి ఆమెకూ గుర్తు లేవు.

"అవి లేకుంటనే ఉండనియ్యున్రి. నాకు తెల్వనియి పెట్టకున్రి" అంది.

దాదా ఆమెకు చెప్పకుండా తాను చల్లిన పెద్ద చుక్కల్లో రెండు తీసేశాడు. నేను చూశాను. ప్రింటు తీసి, ఫ్రేము బిగించి, అట్ట వెనక పెన్నుతో రాశాడు: 'చుక్కలు, పాలపుంత జబ్బార్ పెట్టినవి. మూడు నర్మద చెప్పినవి.' ఆమె చదివి, ఫ్రేమును చీర కొంగుతో చుట్టి, వస్తానని చెప్పకుండా వెళ్లింది. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

దాదా కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఆగలేదు.

"దాదా, నువ్వు చెప్పకపోతే ఆమెకు జిందగీల తెల్వకపోయేది గదా?"

"తెల్వకపోయేది. గందుకే చెప్పిన. పో, చాయ్ తే."