ఒక్క బ్యాచ్ వెనక్కి వెళ్ళిన రోజు

సింగపూర్‌లోని టాంపినీస్‌లో మా ఫార్మసీ ఒక అపార్టుమెంటు బ్లాకు కింద, క్లినిక్‌కీ బేకరీకీ మధ్యన ఉంటుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే నేను చేసే మొదటి పని ఈమెయిల్ చూడటం. ఆ రోజు పైన ఉన్న మెయిల్, బీపీ మాత్రల దిగుమతి కంపెనీ నుంచి వచ్చింది. విషయం దగ్గరే 'అత్యవసరం' అని రాసి ఉంది.

అలాంటి నోటీసు వచ్చినప్పుడు నేను తొందరపడను. మొదట కుర్చీలో కూర్చుని మొత్తం చదువుతాను. ఏ మందు, ఎంత మోతాదు, ఏ బ్యాచ్, కారణం ఏమిటి, ఎంతవరకు వెనక్కి తీసుకోమన్నారు. కొన్నిసార్లు దుకాణాల్లో ఉన్న సరుకు వరకే అడుగుతారు. ఈసారి అలా కాదు. ఆ బ్యాచ్‌లోని కొన్ని ఐదు మిల్లీగ్రాముల పెట్టెల్లో పది మిల్లీగ్రాముల మాత్రల షీట్లు కలిసిపోయాయి. అంటే కొనుక్కుని ఇంటికి తీసుకువెళ్ళిన వాళ్ళ దాకా వెళ్ళాలి.

మా దగ్గర సహాయకురాలిగా పనిచేసే మలయ్ జాతి అక్క అప్పుడే బ్యాగు తగిలిస్తోంది. ఆవిడ ఈ కౌంటర్ దగ్గర నా కంటే ముందునుంచీ ఉంది.

"అక్కా, ఈ మందు అమ్మకం ఆపేద్దాం. కంప్యూటర్‌లో బ్లాక్ చెయ్యి. నేను షెల్ఫ్ చూస్తాను," అన్నాను.

"ఆల్రెడీ బ్లాకింగ్ లా," అంది తన సింగపూర్ ఇంగ్లీషులో, తెరవైపు తిరుగుతూనే.

పెట్టెలు వచ్చిన అట్ట డబ్బా మీది నంబరు చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఒకే అట్ట డబ్బాలో రెండు బ్యాచ్‌ల పెట్టెలు కలిసిపోవడం నాకు తెలుసు. అందుకని ప్రతి పెట్టె చేతిలోకి తీసుకుని, అడుగున ముద్రించిన బ్యాచ్ నంబరు చదివాను. ముందు షెల్ఫ్, పైనున్న అదనపు సరుకు, కస్టమర్ల కోసం సంచుల్లో సర్ది పెట్టినవి, సాయంత్రం డెలివరీకి వెళ్ళాల్సినవి, ఇలా ఒక్కో చోటూ చూశాను. షెల్ఫ్ మీద కొన్ని దొరికాయి. ఒకటి, ఎవరో వచ్చి తీసుకోవాల్సిన సంచిలో ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే అది చేతులు మారేది.

వాటన్నిటినీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, టేపు చుట్టి, 'అమ్మకూడదు, రీకాల్' అని పెద్ద అక్షరాలతో రాసి, వెనకగదిలో తాళం ఉన్న అలమరలో ఉంచాను. ఎన్ని దొరికాయో కంపెనీకి రాసి పంపాను. పెట్టెలు విప్పి ఏది మంచిదో ఏది కాదో చూడాలన్న కోరిక కలుగుతుంది. అది మా పని కాదు. సీలు ఊడకుండా వెనక్కి పంపడమే మా పని.

తరువాతది కష్టమైన భాగం. మా కంప్యూటర్ ఎవరికి ఏ మందు ఇచ్చామో చెప్తుంది కాని, ఏ బ్యాచ్ ఇచ్చామో చెప్పదు. బ్యాచ్ నంబరు సరుకు దిగినప్పటి డెలివరీ కాగితం మీద మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆ బ్యాచ్ మొదటిసారి మా గుమ్మం దాటిన రోజు పట్టుకుని, అప్పటినుంచి ఈ మందు కొన్న ప్రతి ఒక్కరినీ పిలవాలి. అందులో సగం మందికి వేరే బ్యాచ్ వెళ్ళి ఉండవచ్చు. అయినా పిలవాల్సిందే.

ఫోన్లు మొదలుపెట్టాను. ముందు ఎవరు మాట్లాడుతున్నారో నిర్ధారించుకోవాలి. వాళ్ళింట్లో ఇంకెవరైనా ఎత్తితే మందు పేరు చెప్పకూడదు. అసలు మనిషే అయితే అడిగేది ఒకటే: పెట్టె తెచ్చి, నంబరు చదవండి. నంబరు కలిస్తే ఆ మాత్రలు వేసుకోవద్దు, పెట్టెతో సహా తీసుకురండి, వేరే బ్యాచ్ ఇస్తాం. ఇక్కడ ఒక మాట ఎవరికీ వదలకుండా చెప్తాను: మందే మానేయకండి. రీకాల్ అని విన్న భయంతో బీపీ మందు మొత్తం ఆపేస్తే, అది ఇంకో ప్రమాదం.

చాలామంది శాంతంగా విన్నారు. ఒక చైనీస్ అంకుల్ నంబరు మూడుసార్లు చదివి, నంబరు కలవలేదని తెలిశాక కూడా ఇంకోసారి చదివాడు. మధ్యాహ్నానికి దాదాపు అందరూ దొరికారు. దొరకని వాళ్ళలో ఒకరు నాకు తెలిసిన తెలుగు ఆంటీ.

ఆవిడది శ్రీకాకుళం వైపు. భర్త షిప్‌యార్డులో పనిచేసే రోజుల్లో ఇక్కడికి వచ్చి, ఆయన పోయాక కూడా ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. చాంగీ బిజినెస్ పార్క్‌లో పనిచేసే పెళ్ళికాని కుర్రాళ్ళకి, ఇంటి భోజనం క్యారేజీలు కట్టి పంపుతుంది. ఆవిడ వండిన గోంగూర పప్పు గురించి ట్రైన్లో అపరిచితులు మాట్లాడుకోవడం నేను విన్నాను. రికార్డులో ఉన్న నంబరు కూతురిది. చేస్తే ఎత్తలేదు. 'ఫార్మసీ నుంచి, మీ అమ్మగారితో ఒక విషయం మాట్లాడాలి, ఫోన్ చేయండి' అని మాత్రం సందేశం పెట్టాను.

ఆవిడ మా వెనక బ్లాకులోనే ఉంటుంది. నేను లేనప్పుడు ఫార్మసిస్ట్ ఇవ్వాల్సిన మందులు అమ్మడానికి వీల్లేదు. భోజన విరామానికి ఆ కౌంటర్ మూసి, బోర్డు పెట్టి, కొత్త పెట్టె ఒకటి, బీపీ మిషన్ ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరాను.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. ఆంటీ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటమ్మా, ఇలా వొచ్చేవు? షాపు వదిలేసి?"

"మీ బీపీ మాత్రల గురించి వచ్చాను ఆంటీ. కంపెనీ వాళ్ళు ఒక బ్యాచ్ వెనక్కి అడిగారు. మీ పెట్టె ఒకసారి చూపిస్తారా?"

"పెట్టా? అది ఎప్పుడో పారీసేను. అన్నీ ఇందులోనే ఉంటాయి." వంటింట్లోంచి స్టీలు పోపుల డబ్బా తెచ్చింది. ఒక గిన్నెలో ఆవాలు లేవు, జీలకర్ర లేదు. కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించిన మాత్రలున్నాయి. బ్యాచ్ నంబరు ఉండే షీటు అంచు ఎప్పుడో చెత్తబుట్టలోకి వెళ్ళిపోయింది.

ముక్కలన్నీ బల్ల మీద పరిచాను. కత్తెర పడిన చోట అక్షరాలు సగం సగం ఉన్నాయి. కొన్నిటి వెనక రేకు మీద 'ఐదు' స్పష్టంగా కనిపించింది. వాటి పక్కనే ఇంకో ముక్క తిప్పాను. 'పది'. ఇంకోటి. అదీ పదే. పక్కపక్కన పెడితే పదిది కాస్త పెద్దది.

"ఆంటీ, ఈ పెద్దవి ఎప్పటినుంచి వేసుకుంటున్నారు?"

"ముందు షీటు అయిపోయాక ఇవి మొదలెట్టేను. పెద్దగున్నాయని చూసేనులే. కొత్త సరుకు అనుకున్నాను." నావైపు చూసి, అడిగింది. "ఏం, తప్పా?"

"మీ తప్పు కాదు. ఐదు ఉండాల్సిన పెట్టెలో కంపెనీ వాళ్ళు పది పెట్టారు. మీకు ఈ మధ్య ఒంట్లో ఎలా ఉంది?"

ఆవిడ కుర్చీలో కూర్చుని, చీర అంచు కొంచెం పైకి లాగి కాళ్ళు చూపించింది. చీలమండలు ఉబ్బి ఉన్నాయి.

"నిలబడితే తల తిరిగిపోతంది. మొన్న పొయ్యి దగ్గరే కాళ్ళు తేలిపోనాయి. గట్టు పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మరుగుతున్న సాంబారు మీద పడుదును. అమ్మాయికి చెప్పలేదు. చెప్తే వంట మానీమంటాది." గొంతు తగ్గింది. "నిన్ననే కుర్రాళ్ళకి చెప్పేసేను, వచ్చే నెలనుంచి క్యారేజీలు లేవని. వయసయిపోయింది, ఇంక నావల్ల కాదు అనుకున్నాను."

కూర్చోబెట్టి బీపీ చూశాను. నిలబెట్టి మళ్ళీ చూశాను. రెండోసారి పై సంఖ్య బాగా పడిపోయింది. నాకు తెలిసిపోయింది. తల తిరగడం, కాళ్ళ వాపు, రెండూ ఈ మందు మోతాదు పెరిగితే వచ్చేవే.

"ఆంటీ, ఇది వయసు అని నేను అనుకోవట్లేదు. మందు రెట్టింపు పడుతోంది. ఇవాళ పొద్దున వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"అయితే ఇవాళ్టికి ఇంకేమీ వద్దు. డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్దాం. రేపటినుంచి ఏం వేసుకోవాలో ఆయనే చెప్పాలి."

కింద క్లినిక్‌కి నేనే ఫోన్ చేశాను. డాక్టరుకి విషయం మొత్తం రెండు వాక్యాల్లో చెప్పాను: రోజుకి ఐదు బదులు పది, నిలబడితే బీపీ పడుతోంది, చీలమండల వాపు. ఆయన వెంటనే తీసుకురమ్మన్నారు. లిఫ్టు దాకా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. బరువేమీ లేదు, కాని పట్టు గట్టిగానే ఉంది.

బయలుదేరే ముందే మాత్రల ముక్కలన్నీ ఒక కవరులో వేసి, ఆవిడ కళ్ళ ఎదుటే సీలు చేశాను. ఆవిడ వివరాలు, దొరికిన రోజు, ఏం జరిగిందో పైన రాశాను. అవి కంపెనీకి వెళ్ళాలి. మందుల నియంత్రణ సంస్థకి కూడా, ఈ మందు వల్ల ఒక మనిషికి హాని కలిగిందని విడిగా రిపోర్టు చేయాలి. సాయంత్రం రద్దీ తగ్గాక కూర్చుని అదీ పూర్తి చేశాను. మిగిలిన ఫోన్లు మలయ్ అక్క చేసింది. కొత్త నంబర్లకి మారిపోయిన ఇద్దరికి, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాం.

కూతురు ఆ సాయంత్రమే ఫార్మసీకి వచ్చింది. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం, మెడలో ఐడీ కార్డు ఇంకా అలాగే ఉంది. కోపంగా ఉంది.

"హౌ కెన్ దిస్ హ్యాపెన్? మమ్మీ పడిపోయుంటే?"

నేను వాదించలేదు. నోటీసు ఎప్పుడు వచ్చింది, ఏం చేశాం, ఎవరికి రిపోర్టు చేశాం, వరసగా చెప్పాను. డాక్టరు ఏమన్నారో కూతురికి వాళ్ళమ్మ అప్పటికే చెప్పింది: ఒకటి రెండు రోజులు ఆగి, బీపీ చూసుకుని, నేనిచ్చిన కొత్త పెట్టెలోంచి మళ్ళీ ఐదు మొదలుపెట్టమన్నారు. నేను చెప్పింది విన్నాక కూతురి భుజాలు కొంచెం దిగాయి.

"కంపెనీ మీద కంప్లైంట్ ఇవ్వాలనుకుంటే మీ ఇష్టం. ఆ హక్కు మీది. కాగితాలన్నీ నా దగ్గర ఉన్నాయి, కాపీలు ఇస్తాను," అన్నాను.

"తను ఇంక వంట చెయ్యగలదా? ఆనెస్ట్‌గా చెప్పండి."

"నేను డాక్టర్ని కాదు. కాని ఈ మందు మోతాదు ఎక్కువై వచ్చిన తల తిరుగుడుకి, వంట మానేయాల్సిన అవసరం లేదని మాత్రం చెప్పగలను. వాపు తగ్గేదాకా చూడండి. తరువాత ఆవిడనే అడగండి."

వాపు తగ్గింది. తల తిరగడం అంతకంటే ముందే పోయింది. కొన్నాళ్ళకి ఆంటీ తనే మెట్లు దిగి, ఒక్కతే మా కౌంటర్ దాకా నడిచి వచ్చింది.

"క్యారేజీలు మళ్ళీ ఉంటాయని కుర్రాళ్ళందరికీ చెప్పేసేను," అంది. "ఒక్కడు వేరే దగ్గర తినడం మొదలెట్టేడు. వాడూ వెనక్కి వొచ్చేస్తాడు, నాకు తెలుసు."

నేను నవ్వాను. ఆ మాటలో ఉన్న ధీమా నాకు నచ్చింది. ఆ వారమే కంపెనీ నుంచి ఆఖరి మెయిల్ వచ్చింది. మేము పంపిన పెట్టెలు అందాయని, లెక్క సరిపోయిందని రాశారు. ఆ ఫైలు మూసి, అలమర తాళం తీసి, ఖాళీ డబ్బా మీదున్న టేపు పీకేశాను. తరువాత కౌంటర్ దగ్గర నిలబడి ఉన్న ఇంకో కస్టమరుని పిలిచి, ఆమె దగ్గు మందు గురించి అడుగుతుంటే జవాబు చెప్పడం మొదలుపెట్టాను.