దుర్గమ్మ పేజీ

మఠంపల్లి దగ్గరి ఆ ఊళ్లో పది మంది ఆడవాళ్ల పొదుపు సంఘానికి పుస్తకం రాసేది దీవెన. అంతకుముందు హుజూర్‌నగర్ నుంచి సురేష్ అనే అతను వచ్చి, నెలకు రెండు వందలు తీసుకుని రాసిపోయేవాడు. పదో తరగతి చదివిన దీవెన తానే రాస్తానంది. తప్పు వస్తే మళ్లీ సురేష్‌నే పిలుస్తామని అధ్యక్షురాలు సౌమ్య ముందే చెప్పి పెట్టింది. దీవెనకు ఆ పుస్తకమంటే ప్రాణం. నాట్లేసే చేతికి కలం దొరికింది మరి!

ఏడాది తిరిగింది, ఇవాళ పంపకం. అప్పులన్నీ వసూలయ్యాయి. మనిషికి నెలకు రెండు వందల చొప్పున పొదుపు ఇరవై నాలుగు వేలు. నూటికి రెండు రూపాయల లెక్కన వడ్డీ రెండు వేల ఏడు వందలు. పెట్టెలో డబ్బు పుస్తకంతో పైసా తేడా లేకుండా సరిపోయింది. సౌమ్య వాకిట్లో అప్పుడే చీరల రంగుల మీద వాదన మొదలైంది.

ఒక్కో పేజీ పైకి చదువుతూ దీవెన దుర్గమ్మ పేజీ దగ్గర ఆగిపోయింది. మేకల కోసం ఆరు వేలు తీసుకుని, నెలకు వెయ్యి చొప్పున తీర్చింది దుర్గమ్మ. వడ్డీ గడిలో ఆరుసార్లూ నూట ఇరవయ్యే ఉంది. అసలు తగ్గేకొద్దీ వడ్డీ నూరు, ఎనభై, అరవై అని దిగాలి. వాయిదాల మీద ఇచ్చిన మొదటి అప్పు అదే. ఆ లెక్క దీవెన తర్వాత నేర్చుకుని కొత్త అప్పులకు సరిగ్గానే రాసింది గానీ, తీరిపోయిన పేజీ వైపు మళ్లీ చూడలేదు. మూడు వందలు ఎక్కువ గుంజింది, అదీ చదువురాని ముసలమ్మ దగ్గర.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పుస్తకం తన దగ్గరే ఉంటుంది.  అయినా దీవెన చెప్పేసింది. మూడు వందలు దుర్గమ్మకు తిరిగిచ్చేస్తే తలా ముప్పై తగ్గుతుందనీ, అందరికీ రెండు వేల ఆరు వందల నలభయ్యే వస్తుందనీ చెప్పి, పుస్తకం మూసి సౌమ్య ముందు పెట్టింది.

అందరూ దుర్గమ్మ వైపు తిరిగారు. దుర్గమ్మ మాత్రం తాపీగా వక్క నములుతోంది. ఇరవై మంది నాటు కూలీల డబ్బు ఏళ్ల తరబడి నోటి లెక్కతోనే పంచిన మనిషి ఆమె.

"నాకెరుకే బిడ్డా, రెండో నెలల్నే ఎరుక," అంది.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని సౌమ్య నిలదీసింది.

"కొత్తగ కలం పట్టింది. అప్పుడే అంటే మల్ల పుస్తకం ముట్టకపోయేది. ఎన్నడన్న ఒకనాడు తనే పట్టుకుంటదని ఊకున్న."

దీవెనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంత సంతోషం ఆమెకు ఏ డబ్బూ తెచ్చిపెట్టలేదు. పైసలు చేతిలో పడ్డాయి, ముప్పై తగ్గిందని ఒక్కరూ సణగలేదు. సౌమ్య కొత్త పుస్తకం తెచ్చి దీవెన ఒళ్లో పెట్టింది. అందరికంటే ముందు దుర్గమ్మ రెండు వందలు తీసి అందించింది.

"రాయి. గీసారి నీ పక్కన్నే కూసుంట."

దీవెన మొదటి పేజీలో దుర్గమ్మ పేరు రాసింది.