గురజాల కోర్టులో ఆమె మాట

గురజాల మున్సబు కోర్టులో నేను నకళ్లు రాసే గుమాస్తాగా చేరిన రోజుల్లో, మా పెద్ద గుమాస్తాగారిని అందరూ పంతులుగారనేవాళ్లు. ఉద్యోగానికి ముందు ఆయన తెలుగు పండితుడు. ఎక్కడ తప్పు రాసి ఉన్నా ఆయనకు కంట్లో నలుసే. హోటలు నల్లబల్ల మీద సుద్దతో రాసిన పలహారాల పేర్లు కూడా దిద్దించి గాని కాఫీ తాగేవారు కాదు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయన నా నకలు వెనక్కి విసిరినప్పుడల్లా లోలోపల తిట్టుకునేవాణ్ణి. అయినా పక్షం తిరగకుండానే, ఆయన లేకపోతే కోర్టులో తోచనంతగా అలవాటు పడ్డాను.

అర్జీల్లో ఆయన దిద్దుబాటు న్యాయమే. ప్లీడరు గుమాస్తా తన సొంత రాతలో 'చానా నష్టము కలిగినది' అని రాసుకొస్తే 'చాలా' అని మార్చమనడం సబబే. చిక్కల్లా సాక్షుల వాఙ్మూలం దగ్గర వచ్చింది. మున్సబుగారి ఎదుట సాక్షి చెబుతుంటే పంతులుగారు తెలుగులో రాసేవారు. సాక్షి నోటి మాట కాగితం మీదికి చేరేలోపు తలంటి పోసుకుని పట్టుబట్ట కట్టుకునేది. సాక్షులు భయానికో మర్యాదకో తలాడించేవాళ్లు.

మాచర్ల వైపు నుంచి ఒక ముసలామె దావా తెచ్చింది. నాపరాళ్ల గనిలో పనిచేసే భర్త పోయాడు. ఆమె ఇంటికి ఉన్నది ఒకటే సందు. మరిది వరసయ్యే పక్కింటాయన ఆ సందుకు అడ్డంగా రాళ్ల గోడ కట్టాడు. నీళ్ల బిందెతో ఎవరి దొడ్లో నుంచి రావాలన్నా బతిమాలుకోవాలి. ఆ గోడ పడితేనే ఆమెకు ఇల్లు ఇల్లు.

బోనులో నిలబడి ఆమె గట్టిగానే చెప్పింది: "మా మామ కాలం కాణ్ణించీ ఆ సందులోంచే పోతన్నాం, వస్తన్నాం. ఏనాడూ ఎవురూ ఏందని అడగలా."

సాక్ష్యం ముగిశాక రాసింది చదివి వినిపించడం విధాయకం. పంతులుగారు గొంతు సవరించుకుని చదివారు: "మా మామగారి కాలము నుండియు సదరు సందు ద్వారా రాకపోకలు సాగించుచుంటిమి. ఎవరును ఆక్షేపించి యుండలేదు."

ఆమె చుట్టూ చూసింది. "ఇయ్యి నా మాటలు కావయ్యా."

అవతలి ప్లీడరు చటుక్కున లేచాడు. "చిత్తగించండి. వాఙ్మూలం తనది కాదని ఆమే అంటోంది!"

ఆమె ప్లీడరు ముఖం పాలిపోయింది. నాకు ఒళ్లు మండింది గాని, నకళ్ల గుమాస్తా మాట ఎవడికి కావాలి?

మున్సబుగారు ప్లీడరును కూర్చోమని, ఆమెను మెల్లగా అడిగారు. "ఏది తప్పమ్మా?"

"తప్పని కాదయ్యా. ఎవురో చదువుకున్నాయన చెప్పినట్టుంది. ఆయన్ని నేనెరగను. రేపు ఎవురన్నా నన్ను మళ్లీ అడిగితే, ఆ మాటలు నాకు నోరు తిరగవు."

కోర్టు హాల్లో నవ్వులు లేచాయి. మున్సబుగారు నవ్వలేదు. "పంతులుగారూ, ఆమె చెప్పినట్టే మళ్లీ రాయండి. ఈ భాష చూస్తే ఎవరో పాఠం నేర్పి తెచ్చిన సాక్షి అనుకుంటారు. మీ చేతిలో అక్షరం జారినా, 'లేదు' అన్నది ఎగిరిపోయినా, ఊరి పేరు రెండు రకాలుగా పడినా అవి తప్పులు, దిద్దండి. ఆమె నోటి మాట తప్పు కాదు."

పంతులుగారు కొత్త కాగితం తీశారు. ఆమెను ఒక్కొక్క మాటే చెప్పమన్నారు. 'పోతన్నాం' దగ్గర కలం ఆగింది. పాపం, 'త'కు కొమ్ము పెట్టకుండా ఉండటానికి ఆయన ఎంత యాతన పడ్డారో నేను చూశాను. చివరికి అలాగే రాశారు. మళ్లీ చదివారు.

"ఆఁ," అంది ఆమె, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఇది నేనే." మున్సబుగారు సంతకం చేశారు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. గోడ తీసేయమన్నారు. తీర్పంతా ఇంగ్లీషులో ఉంది. నడుమ ఒక చోట మాత్రం మున్సబుగారు ఆమె వాక్యాన్ని తెలుగులోనే రాశారు, ఈ సాక్ష్యాన్ని నమ్ముతున్నానంటూ.

ఆమెకివ్వాల్సిన నకలు మరెవరికీ అప్పజెప్పకుండా పంతులుగారే రాశారు. అసలుతో పోల్చి చూడటం నా వంతు. పాత బాకీ తీర్చుకునే అవకాశం వదులుతానా? తెలుగు వాక్యం దగ్గర వేలు పెట్టి, "పంతులుగారూ, ఇక్కడ కొమ్ము పోయినట్టుంది, దిద్దమంటారా?" అన్నాను.

ఆయన కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ముట్టుకోబాకరా. అది ఆమె సందు."