బిల్లులో రెండో వరుస

మెహ్రాజ్ తెలుగులో బిల్లు తీసిందంటే ఏ ఒత్తు ఎక్కడుండాలో అక్కడే ఉంటుందని ఆర్మూర్‌లో చాలామందికి తెలుసు. పెళ్లిపత్రికల ప్రెస్సులో తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి మరి! ప్రెస్సు మూతపడ్డాక ధర్మయ్య సేటు విత్తనాలు, మందుల దుకాణంలో కంప్యూటర్ ముందు కుర్చీ దొరికింది. అప్పట్లో బిల్లు మొత్తం ఇంగ్లీషే. రైతులు దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడమే తప్ప చదివింది లేదు.

"సేట్, ఇంగ్లీషు కింద తెలుగులో కూడా వేద్దాం. మందు ఎట్ల కొట్టాలె, ఎప్పుడు కొట్టాలె, అన్నీ రాద్దాం" అని ఆమే అడిగింది. సేటు నవ్వాడు. ఆమె మాత్రం పంతం పట్టింది. మొదటిసారి బిల్లు అచ్చు తీస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా ఖాళీ డబ్బాలే వచ్చాయి. బిల్లు ఫైలులోకి తెలుగు ఫాంటు చేరలేదన్నమాట. ఫాంటును ఫైలులోనే పొదిగితే అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలను కలపడం రాదు. దాన్ని వదిలేసి, కలపడం వచ్చిన ఇంకోదాన్ని పట్టేసరికి పదిహేను రోజులు పట్టింది. ఆఖరికి 'పిచికారీ', 'మొక్కజొన్న' నిండుగా అచ్చయిన రోజు ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి తల్లి తాజున్నీసాకు చూపించింది. తల్లికి తెలుగు చదవడం రాదు, అయినా మురిసిపోయింది.

ఇక సేటు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాడు. "సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు ఎవలు చదువుతరే! మన బిల్లు చదువుకో, గట్లనే కొట్టు." రైతులు నమ్మారు. దవాఖానలో డాక్టర్ రాసిచ్చిన చీటీలా దాన్ని దాచుకునేవాళ్లు.

జూన్‌లో పసుపు విత్తే రోజుల్లో దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. బిల్లు రెండో పేజీకి పోతోందని, కాగితాలు దండగ అవుతున్నాయని సేటు విసుక్కున్నాడు. మెహ్రాజ్ బిల్లులో ప్రతి గడికీ ఇంతే ఎత్తని కట్టేసింది. ఇంగ్లీషు ఒక వరుస, తెలుగు ఒక వరుస, అంతకు మించి పెరగకుండా. మించింది కనబడదు. మూడు బిల్లులు తీసి చూసింది, మూడూ బాగానే వచ్చాయి. అన్నీ చిన్న చిన్న మాటలున్నవే మరి.

వారం తర్వాత ఒక ఎరువు బిల్లులో తెలుగు వాక్యం సగంలో ఆగిపోవడం ఆమె చూసింది. కళ్లారా చూసింది. కంప్యూటర్ తెర మీద పూర్తి వాక్యం ఉంది, కాగితం మీద లేదు. ఇంగ్లీషు పొట్టిది కాబట్టి ఒక్క వరుసలో సరిపోయింది. తెలుగు రెండో వరుసలోకి దిగింది, దిగిన వరుసను గడి మింగేసింది. ముందర ఇరవై మంది నిలబడి ఉన్నారు. రేపు సరిచేద్దాం అనుకుంది. ఆ రేపు మళ్లీ రానే లేదు.

జూలై మధ్యలో త్రివేణి వచ్చింది. ఏర్గట్ల వైపు ముత్తెన్న అనే రైతు కోడలు. పదో తరగతి చదివింది, ఆ ఇంట్లో కాగితం చదవగలిగింది ఆమె ఒక్కతే. మొగుడు ముఖేష్ మస్కట్‌లో ఉంటాడు. ప్లాస్టిక్ కవర్లోంచి బిల్లు తీసి మెహ్రాజ్ ముందు పెట్టింది.

"అక్కా, జర చదివి చెప్పు. మొలకలొచ్చినంక గడ్డిమందు కొట్టద్దని ఇండ్ల ఉన్నదా?"

"ఏమైంది?"

"తడి నేల మీద కొట్టాలె అని ఉంటే గదే చదివి చెప్పిన. వాన కోసం ఇరవై రోజులు ఆగినం. వాన పడ్డంక మా మామ కొట్టిండు. రెండెకరాల మొలకలు తెల్లగ మాడిపోయినయి. మొలవకముందే కొట్టాలె, బిల్లు మీద రాసే ఇస్తరు గదా అని పక్క చేను లచ్చన్న అన్నడట. ఇగ నేనే సరిగ చదవలేదని మా అత్త నాతోని మాట్లాడుత లేదు. ఆయన ఫోన్ ఎత్తక నాలుగు రోజులైంది."

మెహ్రాజ్ బిల్లు చూసింది. 'పసుపు చేనులో నేల తడిగా ఉన్నప్పుడు పిచికారీ చేయాలి,' అక్కడితో సరి. కామా తర్వాత గడి గీత. ఆ గీత కింద ఏం పోయిందో ఆమెకు నోటికి వచ్చు. 'మొలక వచ్చిన తర్వాత కొట్టరాదు.' రాసింది తనే. మింగించిందీ తనే.

చెప్పాలని నోరు తెరిచింది. వెనక సేటు దగ్గాడు.

"సిస్టంల చూసి చెప్త. రేపు రా" అంది.

రేపు రమ్మన్నది! ముప్పై కిలోమీటర్లు ఆటోలు మారి వచ్చిన పిల్లను! త్రివేణి తల ఊపి, బిల్లు మళ్లీ కవర్లో పెట్టుకుని వెళ్లింది. ఆ పిల్ల మెట్లు దిగుతుంటే మెహ్రాజ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సప్పుడు జెయ్యకుండ సరిచెయ్. మనం ఒప్పుకుంటే ఊరంత దుకాణం మీదికొస్తది" అన్నాడు సేటు.

సాయంత్రానికి సరిచేసింది. గడికి కట్టిన ఎత్తు తీసేసి, లోపలి మాట ఎంత ఉంటే అంత పెరిగేలా పెట్టింది. కింది ఒత్తులు తెగకుండా వరుసల మధ్య దూరం పెంచింది. దుకాణంలో అన్నిటికన్నా పొడుగు వాక్యం ఉన్న సరుకులన్నీ ఒకే బిల్లులో వేసి చూసింది. రెండు పేజీలొచ్చాయి. ఒక్క మాట పోలేదు. అరగంట పని. ఆ అరగంట జూన్‌లో ఎక్కడ చచ్చిందో అని తనను తానే తిట్టుకుంది.

పొద్దున దుకాణానికి పోకుండా ఏర్గట్ల బస్సెక్కింది. సేటు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

ముత్తెన్న అరుగు మీద కూర్చున్నాడు, భార్య ముత్తవ్వ పక్కనే చాట పట్టుకుని ఉంది. మెహ్రాజ్ అదే మందుకు కొత్తగా తీసి తెచ్చిన బిల్లు పరిచి, త్రివేణి దగ్గరున్న పాత బిల్లు అడిగి పక్కన పెట్టింది.

"కాకా, గీ వరుస మీకిచ్చిన కాగితంల లేదు. గడి చిన్నగ చేసి నేనే పోగొట్టిన. పోయిందని ముందుగాలనే తెలుసు నాకు, ఆలస్యం చేసిన. నీ కోడలు ఉన్నదున్నట్టే చదివింది. తప్పు నాది."

ముత్తెన్న రెండు కాగితాలూ పట్టుకుని మార్చి మార్చి చూశాడు. చదవలేడు, అయినా ఒకదాంట్లో గడి పెద్దగా, ఇంకోదాంట్లో చిన్నగా ఉండడం కనబడింది. ముత్తవ్వ చాట కింద పెట్టి కోడలి వైపు తిరిగింది.

"మరి నువ్వు చదవకుండ ఇడిసిపెట్టిన అని నిన్న మాపటికి ఎందుకు ఒప్పుకున్నవే?"

త్రివేణి అత్తను కాదు, మెహ్రాజ్‌నే చూసింది.

"నువ్వు రేపు రమ్మన్నవ్ అక్కా. నా దిక్కు మాట్లాడెటోళ్లు ఎవ్వలు లేరనుకున్న. ఇంట్ల పంచాయితీ అయిపోతదని, రాత్రి ఆయన ఫోన్ ఎత్తితే ఆయనకు గూడ నాదే తప్పన్న. అత్త కాళ్లు మొక్కిన."

జూన్‌లో చేసింది పనిలో పొరపాటు. నిన్న చేసింది తెలిసి చేసిన ద్రోహం. ఆ రెంటికీ తేడా మెహ్రాజ్‌కు అప్పుడు అర్థమైంది.

ముత్తెన్న తన ఫోన్ నుంచి కొడుక్కి కలిపి మెహ్రాజ్‌కు ఇచ్చాడు. ఆమె తనెవరో, ఏం చేసిందో చెప్పి, ఆ వాక్యం మొత్తం, రెండు వరుసలూ, ముఖేష్‌కు చదివి వినిపించింది.

"త్రివేణికి ఇయ్యుండ్రి ఫోన్" అన్నాడు ముఖేష్.

మెహ్రాజ్ ఫోన్ చాపింది. త్రివేణి అందుకోలేదు. పాత బిల్లు మడిచి కవర్లో పెట్టుకుని లోపలికి పోయింది. అవతల ముఖేష్ హలో హలో అంటూనే ఉన్నాడు.